అమ్మకాల అంచనా నుంచి ఉత్పత్తి బడ్జెట్, మిర్చి కొనుగోలు బడ్జెట్: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్ చుట్టుపక్కల కారం పట్టి ప్యాకెట్లలో అమ్మే చిన్న యూనిట్లు నడిపేవాళ్ల కోసం, వాటి లెక్కలు చూసేవాళ్ల కోసం ఈ పేజీ. మొదటి నుంచి చివరి వరకు ఒకే ఉదాహరణ తీసుకున్నాం: ఏనుమాముల మార్కెట్‌లో ఎండుమిర్చి కొని, అరకిలో కారం ప్యాకెట్లు చేసి, హన్మకొండ, నర్సంపేట, జనగామ దుకాణాలకు వేసే యూనిట్. అంకెలు లెక్క అర్థం కావడానికి మేం పెట్టుకున్నవి. వాటి చోట మీ అంకెలు పెట్టుకోండి.

అమ్మేంత తయారు చేస్తే సరిపోదా? నిల్వ లెక్క ఎందుకు?

సరిపోదు. మార్చి నెలలో అమ్మే ప్యాకెట్లలో కొన్ని ఫిబ్రవరిలోనే తయారై గోదాంలో ఉంటాయి. అలాగే ఏప్రిల్ మొదటి వారంలో బండికి ఎక్కించాల్సినవి మార్చి ఆఖరుకే సిద్ధంగా ఉండాలి. అందుకే సూత్రం ఇలా ఉంటుంది:

ఉత్పత్తి = అమ్మకాల అంచనా + కావలసిన ముగింపు నిల్వ − ప్రారంభ నిల్వ

ఈ మూడూ ప్యాకెట్లలోనే ఉండాలి, రూపాయల్లో కాదు. అమ్మకాల అంచనా రూపాయల్లో ఉంటే ముందు దాన్ని ప్యాకెట్లలోకి మార్చుకోండి. రూపాయలతో మొదలుపెడితే ధర పెంచిన నెలలో సరుకు కూడా ఎక్కువ పోయినట్టు కనిపిస్తుంది. ఆ లెక్క నమ్మి మిర్చి ఎక్కువ కొంటారు.

మూడు నెలల బడ్జెట్‌కు ఎన్ని నెలల అమ్మకాల అంచనా కావాలి?

ఐదు నెలలది. చాలామంది తడబడేది ఇక్కడే. మే నెల మిర్చి కొనుగోలు తేల్చాలంటే మే ఆఖరుకు ఎంత మిర్చి మిగలాలో తెలియాలి. అది జూన్ ఉత్పత్తి మీద ఆధారపడుతుంది. జూన్ ఉత్పత్తి తేలాలంటే జూన్ ఆఖరుకు ఎన్ని ప్యాకెట్లు మిగలాలో తెలియాలి. దానికి జూలై అమ్మకాల అంచనా కావాలి. కాబట్టి మార్చి, ఏప్రిల్, మే బడ్జెట్ రాయడానికి జూలై దాకా అంచనా వేసుకుని కూర్చోవాలి. ఆఖరి రెండు నెలల అంచనా మరీ కచ్చితంగా లేకపోయినా పర్లేదు. కానీ ఆ గడి ఖాళీగా వదిలేస్తే ఎక్సెల్ దాన్ని సున్నాగా తీసుకుంటుంది, మే నెల కొనుగోలు పడిపోయి కనిపిస్తుంది.

మా ఉదాహరణలో ఉత్పత్తి లెక్క ఎలా వస్తుంది?

ఎండాకాలంలో తొక్కుల సీజన్. మామిడికాయ తొక్కు పెట్టే ఇళ్లన్నీ కారం కొంటాయి కాబట్టి ఏప్రిల్, మే అంచనాలు ఎక్కువ. మార్చి 12,000 ప్యాకెట్లు, ఏప్రిల్ 20,000, మే 16,000, జూన్ 8,000, జూలై 8,000 అనుకుందాం. ప్రతి నెలాఖరుకు వచ్చే నెల అమ్మకాల్లో 25 శాతం నిల్వ ఉండాలని నిర్ణయం. మార్చి 1న గోదాంలో 3,000 ప్యాకెట్లు ఉన్నాయి.

| ప్యాకెట్లు | మార్చి | ఏప్రిల్ | మే | జూన్ |
|---|---|---|---|---|
| అమ్మకాలు | 12,000 | 20,000 | 16,000 | 8,000 |
| కలపాలి: ముగింపు నిల్వ | 5,000 | 4,000 | 2,000 | 2,000 |
| తీసేయాలి: ప్రారంభ నిల్వ | 3,000 | 5,000 | 4,000 | 2,000 |
| ఉత్పత్తి | 14,000 | 19,000 | 14,000 | 8,000 |

లెక్క సరిపోయిందో లేదో ఒక్క నిమిషంలో చూసుకోవచ్చు. మార్చి నుంచి మే వరకు అమ్మకాలు 48,000, ఉత్పత్తి 47,000. తేడా 1,000. ప్రారంభ నిల్వ 3,000, మే ఆఖరు నిల్వ 2,000, అక్కడా తేడా 1,000. రెండూ కలిశాయి. కలవకపోతే ఎక్కడో ఒక నెల ముగింపు నిల్వ తర్వాతి నెల ప్రారంభంలోకి సరిగ్గా రాలేదని అర్థం.

పట్టికలో మే చూడండి. అమ్మకాలు 16,000 ఉన్నా ఉత్పత్తి 14,000 మాత్రమే. జూన్‌లో గిరాకీ సగానికి పడిపోతుంది కాబట్టి, మే నెలలోనే నిల్వ దించుకోవాలి. సీజన్ ఊపులో మే ఆఖరు దాకా అదే వేగంతో మిల్లు తిప్పితే జూన్‌లో కారం గోదాంలో కూర్చుంటుంది, రంగు తగ్గుతుంది.

25 శాతం అని ఎలా నిర్ణయించాలి?

నెలకు 25 పనిరోజులు అనుకుంటే 25 శాతం అంటే సుమారు ఆరు రోజుల అమ్మకం. అడగాల్సిన ప్రశ్న ఇది: ఈరోజు గోదాం ఖాళీ అయితే, మళ్లీ ప్యాకెట్ బండెక్కడానికి ఎన్ని రోజులు పడుతుంది? మిర్చి తొడిమలు తీసి ఏరడానికి, ఎండబెట్టడానికి, పట్టి జల్లెడ పట్టడానికి, చల్లారాక ప్యాక్ చేయడానికి నాలుగు రోజులు పడుతుందనుకోండి. కరెంటు పోవడం, కూలీలు రాకపోవడం, మార్కెట్ సెలవులు కలుపుకుని మరో రెండు రోజులు. అలా ఆరు రోజులు వచ్చాయి. మీకు ఎనిమిది రోజులు పడితే 32 శాతం పెట్టుకోండి. పక్క యూనిట్‌వాళ్ల శాతం తెచ్చి మీ లెక్కలో పెట్టుకోకండి.

అమ్మకాల అంచనాలో ఫ్రీ ప్యాకెట్లు కలపాలా?

తప్పకుండా కలపాలి. దుకాణాలకు పదికి ఒకటి ఫ్రీ ఇస్తుంటే, బిల్లులో 12,000 ప్యాకెట్లు కనబడినా గోదాం నుంచి 13,200 వెళ్తాయి. బిల్లు రిజిస్టర్ చూసి అంచనా వేసేవాళ్లు ఈ 1,200 మర్చిపోతారు, నెలాఖరుకు నిల్వ ఎందుకు తగ్గిందో తెలియక గోదాం మనిషిని అనుమానిస్తారు. మా ఉదాహరణలో 12,000 అంటే ఫ్రీతో కలిపి బయటికి వెళ్లేవి.

ప్రారంభ నిల్వ కూడా చేత్తో లెక్కపెట్టిందే రాయండి. చిరిగినవి, తేదీ దగ్గరపడి దుకాణాల నుంచి వాపసు వచ్చినవి అందులో ఉండకూడదు. అమ్మలేని ప్యాకెట్‌ను నిల్వగా చూపిస్తే, అంత మేరకు ఉత్పత్తి తగ్గిపోతుంది.

ప్యాకెట్ల నుంచి మిర్చి లెక్కకు ఎలా వెళ్లాలి?

ఇక్కడ జరిగే తప్పు చాలా ఖరీదైనది కాబట్టి కాస్త నెమ్మదిగా చూద్దాం.

ముందు మీ దగ్గర వంద కిలోల మిర్చికి ఎంత కారం వస్తుందో తూచి తెలుసుకోవాలి. బస్తాల్లోంచి 100 కిలోలు తీసి పక్కన పెట్టండి. తొడిమలు, తాలు కాయ తీశాక తూచండి: 89 కిలోలు ఉందనుకుందాం. ఎండబెట్టాక తూచండి: 83. పట్టి, జల్లెడ పట్టాక తూచండి: 80. మూడు చోట్ల తూచమనడానికి కారణం ఉంది. రేపు 80 కాస్తా 76 అయితే, ఏ దశలో పోయిందో తెలుస్తుంది. మొదటి దశలో పోతే కొన్న సరుకులో తాలు ఎక్కువ. రెండో దశలో పోతే మిర్చిలో తేమ ఎక్కువ, అంటే నీళ్లకు కూడా మిర్చి ధర కట్టారు. మూడో దశలో పోతే మిల్లులోనో జల్లెడలోనో లోపం ఉంది.

ఇప్పుడు మార్చిలో 14,000 ప్యాకెట్లకు 7,000 కిలోల కారం కావాలి. తరుగు 20 శాతం కదా అని చాలామంది 7,000కు 20 శాతం కలిపి 8,400 కిలోలు రాస్తారు. అది తప్పు. తరుగు మిర్చి బరువు మీద 20 శాతం, కారం బరువు మీద కాదు. 8,400 కిలోలు పడితే వచ్చేది 6,720 కిలోలే. సరైన లెక్క 7,000ను 0.80తో భాగించడం: 8,750 కిలోలు. ఒక్కో ప్యాకెట్‌కు 0.625 కిలో.

మూడు నెలలకు చూస్తే కలిపే పద్ధతిలో 28,200 కిలోలు, భాగించే పద్ధతిలో 29,375 కిలోలు వస్తాయి. 1,175 కిలోల మిర్చి తక్కువ కొన్నారన్నమాట. దాంతో 1,880 ప్యాకెట్లు ఆగిపోతాయి, అదీ సీజన్ మధ్యలో.

మిర్చి కొనుగోలు బడ్జెట్ ఎలా ఉంటుంది?

సూత్రం అదే. అమ్మకాల స్థానంలో ఆ నెల ఉత్పత్తికి కావలసిన మిర్చి వస్తుంది. వచ్చే నెల అవసరంలో 40 శాతం మిర్చి నెలాఖరుకు చేతిలో ఉండాలని పెట్టుకుందాం. మార్చి 1న 3,500 కిలోలు ఉంది.

| కిలోలు | మార్చి | ఏప్రిల్ | మే |
|---|---|---|---|
| ఉత్పత్తికి కావలసింది | 8,750 | 11,875 | 8,750 |
| కలపాలి: ముగింపు నిల్వ | 4,750 | 3,500 | 2,000 |
| తీసేయాలి: ప్రారంభ నిల్వ | 3,500 | 4,750 | 3,500 |
| కొనాల్సింది | 10,000 | 10,625 | 7,250 |

మే ముగింపు నిల్వ 2,000 అనేది జూన్ అవసరం 5,000 కిలోల్లో 40 శాతం. మొత్తం కొనుగోలు 27,875 కిలోలు. కిలో 150 రూపాయల చొప్పున 41,81,250 రూపాయలు. ఈ 150లో మార్కెట్ ధర ఒక్కటే కాదు, కమీషన్, మార్కెట్ ఫీజు, హమాలీ, గోదాం దాకా బండి కిరాయి అన్నీ కలిసి ఉండాలి. మార్కెట్‌లో పాడిన ధర మాత్రమే రాస్తే బడ్జెట్ మొదటి బస్తాతోనే తప్పుతుంది.

రెండు రకాల మిర్చి కలిపి పట్టేవాళ్లు ఒక్కో రకానికి ఒక్కో పట్టిక వేసుకోవాలి. ఘాటుకు తేజ, రంగుకు చపాట వాడుతుంటే రెండింటి ధరలు వేరు, వాటి నుంచి దిగే కారం శాతమూ వేరు. సగటు ధరతో ఒకే వరుస రాస్తే ఏ రకం తక్కువపడిందో కనపడదు.

ఉత్పత్తి బడ్జెట్‌లో వచ్చిన అంకెను మిల్లు అందుకోలేకపోతే?

అందుకే కొనుగోలు పట్టిక వేయకముందే మిల్లు సామర్థ్యం చూసుకోవాలి. మిల్లు గంటకు 40 కిలోల కారం ఇస్తుంది, రోజుకు 8 గంటలు, నెలకు 25 రోజులు అనుకుంటే నెలకు 8,000 కిలోలు, అంటే 16,000 ప్యాకెట్లు. ఏప్రిల్‌కు 19,000 కావాలి. 3,000 తక్కువ.

మార్చిలో 14,000 చేస్తున్నాం కాబట్టి అక్కడ 2,000కు చోటు ఉంది. మార్చిని 16,000కు పెంచుదాం. మిగిలిన 1,000 ప్యాకెట్లు, అంటే 500 కిలోలు, ఏప్రిల్‌లో పన్నెండున్నర గంటల ఓవర్‌టైంతో అయిపోతాయి. ఏప్రిల్ 17,000 అవుతుంది. మార్చి ఆఖరు నిల్వ 5,000 బదులు 7,000 అవుతుంది, ఏప్రిల్ ఆఖరుకు మళ్లీ అనుకున్న 4,000కే వస్తుంది.

ఈ మార్పుతో మిర్చి కొనుగోలు కూడా మారుతుంది. మార్చి అవసరం 10,000 కిలోలు, ఏప్రిల్ అవసరం 10,625 కిలోలు. మార్చిలో 10,750, ఏప్రిల్‌లో 9,875 కొనాలి. రెండు నెలల మొత్తం ముందు ఉన్న 20,625 కిలోలే. డబ్బు మాత్రం మార్చిలో 1,12,500 రూపాయలు ఎక్కువ కావాలి. మిల్లు చూడకుండా కొనుగోలు బడ్జెట్ రాసి బ్యాంకుకు ఇచ్చినవాళ్లకు ఈ డబ్బు దగ్గరే ఇబ్బంది వస్తుంది.

మిర్చి సీజన్‌లోనే దొరుకుతుంది కదా. నెలనెలా 40 శాతం నిల్వ అనే నియమం పనికొస్తుందా?

మిర్చికి ఆ నియమం ఒక్కటే పట్టుకుని కూర్చోకూడదని మా అభిప్రాయం. ఏటా కొత్త కాయ మార్కెట్‌కు జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్యలో. తర్వాత కొనేదంతా ఎక్కువగా కోల్డ్ స్టోరేజీ సరుకే. కాబట్టి మే ఆఖరుకు ఎంత నిల్వ ఉండాలన్నది జూన్ అవసరాన్ని బట్టి కాకుండా, మళ్లీ కొత్త కాయ వచ్చేదాకా ఎంత కావాలో దాన్నిబట్టి ఆలోచించాలి.

జూన్ నుంచి జనవరి దాకా ఎనిమిది నెలలు, నెలకు 8,000 ప్యాకెట్ల చొప్పున 64,000 ప్యాకెట్లు. వాటికి 40,000 కిలోల మిర్చి. మే ముగింపు నిల్వ గడిలో 2,000 బదులు 40,000 పెడితే మూడు నెలల కొనుగోలు 27,875 నుంచి 65,875 కిలోలకు పోతుంది. పట్టిక ఆ పెరుగుదల మొత్తాన్ని మే నెలలోనే చూపిస్తుంది, ఎందుకంటే మార్చి, ఏప్రిల్ ముగింపు నిల్వలను మీరు మార్చలేదు. వాటినీ పెంచి, కాయ బాగా వచ్చే నెలల్లోకి కొనుగోలు పంచాలి.

అంత నిల్వ పెట్టడం లాభమా కాదా అన్నది కూడా లెక్కతోనే తేలుతుంది. 40,000 కిలోలకు 60 లక్షలు. ఎనిమిది నెలల్లో నిల్వ సమానంగా కరుగుతుంది కాబట్టి సగటున ఆ డబ్బు నాలుగు నెలలు ఇరుక్కున్నట్టు. ఏడాదికి 12 శాతం వడ్డీ అయితే 2,40,000 రూపాయలు, కిలోకు 6 రూపాయలు. కోల్డ్ స్టోరేజీ అద్దె, హమాలీ, బయటికి తీశాక మళ్లీ ఎండబెట్టే ఖర్చు కిలోకు 5 రూపాయలు అనుకుందాం. అంటే తర్వాతి నెలల ధర సీజన్ ధర కన్నా సగటున 11 రూపాయలకు మించి పెరుగుతుందని నమ్మకం ఉంటేనే మొత్తం నిల్వ చేయాలి. లేదంటే సగం నిల్వ చేసి, సగం అప్పటికప్పుడు కొనడం మేలు.

ప్యాకింగ్ కవర్లకూ ఇదే లెక్కా?

లెక్క ఇదే, కానీ కవర్లు మనం అడిగినన్ని ఇవ్వరు. అచ్చు వేసిన కవర్లు 25,000కు తక్కువ ఇవ్వమంటారనుకోండి. మార్చిలో 16,000 కావాలి, వచ్చే నెల అవసరంలో సగం, అంటే ఏప్రిల్ 17,000లో 8,500 నిల్వ ఉండాలి, చేతిలో 10,000 ఉన్నాయి. అవసరం 14,500, కొనేది 25,000. అప్పుడు మార్చి ఆఖరు నిల్వ 8,500 కాదు, 19,000. ఏప్రిల్ ప్రారంభంలో ఈ 19,000 రాయాలి. అప్పుడు ఏప్రిల్‌కు 17,000 + 7,000 − 19,000, అంటే 5,000 కావాలి. మళ్లీ 25,000 కొనాలి, ఆఖరుకు 27,000 మిగులుతాయి. మే నెలకు 14,000 + 4,000 − 27,000. జవాబు మైనస్ 9,000. మైనస్ వస్తే ఆ నెల కొనుగోలు సున్నా. మెషిన్‌లో చెడే కవర్లు వందకు రెండు ఉంటే, వాటినీ మిర్చి తరుగులాగే 0.98తో భాగించి కలపండి. పై అంకెల్లో వాటిని కలపలేదు.

ఎక్సెల్‌లో ఎలా రాయాలి?

నెలలు B నుంచి F దాకా అడ్డంగా పెట్టుకోండి. శాతాలను సూత్రంలో కాకుండా విడిగా పైన గడుల్లో పెట్టుకుంటే మార్చడం తేలిక. ఇక్కడ I1లో 25%, I2లో 0.5, I3లో 0.8, I4లో 40% ఉన్నాయి. B4, B9 గడుల్లో లెక్కపెట్టిన ప్రారంభ నిల్వలు.

```
B3: =C2*$I$1
C4: =B4+B5-B2
B5: =MAX(0,B2+B3-B4)
B7: =B5*$I$2/$I$3
B8: =C7*$I$4
C9: =B9+B10-B7
B10: =MAX(0,B7+B8-B9)
```

రెండో వరుస అమ్మకాలు, ఐదో వరుస ఉత్పత్తి, పదో వరుస కొనుగోలు. C4లో చాలామంది `=B3` అని రాస్తారు. మామూలు నెలల్లో రెండూ ఒకటే. కానీ ఉత్పత్తి మైనస్ వచ్చి MAX దాన్ని సున్నా చేసిన నెలలోనూ, ఉత్పత్తిని మిల్లుకు తగ్గట్టు చేత్తో మార్చిన నెలలోనూ అసలు మిగిలే నిల్వ B3 కాదు. పైన రాసినట్టు ఉంటే మార్పు దానంతట అదే తర్వాతి నెలలోకి వెళ్తుంది. ఉత్పత్తి సూత్రం E దాకా, కొనుగోలు సూత్రం D దాకా మాత్రమే లాగాలి. ముగింపు నిల్వలూ అంతే.

కొనుగోలు బడ్జెట్ మొత్తమే ఆ నెల ఖర్చా?

కాదు. లాభనష్టాల్లోకి వెళ్లేది అమ్మిన ప్యాకెట్లలో ఉన్న మిర్చి ఖర్చు మాత్రమే. నగదు బడ్జెట్‌లోకి వెళ్లేది ఆ నెలలో అడ్తిదారుకు నిజంగా కట్టే డబ్బు. మార్చి ఆఖరు వారంలో కొన్న సరుకుకు ఏప్రిల్‌లో కడితే, అది మార్చి కొనుగోలు, ఏప్రిల్ చెల్లింపు. కొనుగోలు పట్టిక కింద చెల్లింపుల వరుస ఒకటి విడిగా వేసుకోండి.

మార్చిలో అంచనా తప్పితే ఏప్రిల్ బడ్జెట్ మార్చాలా?

మార్చాలి, ప్రారంభ నిల్వతో మొదలుపెట్టి. 12,000 అనుకుంటే 10,500 మాత్రమే పోయాయనుకోండి. 3,000 + 16,000 − 10,500, అంటే మార్చి ఆఖరుకు 7,000 బదులు 8,500 ప్యాకెట్లు ఉంటాయి. ఆ 1,500 ప్యాకెట్లు కొనాల్సినవాళ్లు వేరే కారానికి పోయారా, లేక మామిడికాయ ఆలస్యమై తొక్కులు ఇంకా పెట్టలేదా అన్నది దుకాణాల్లో అడిగి తేల్చుకోండి. తొక్కులే ఆలస్యమైతే ఆ 1,500 ఏప్రిల్ అంచనాకు కలపాలి. అప్పుడు అమ్మకాలు 21,500, ఉత్పత్తి పాత 17,000 దగ్గరే ఉంటుంది. గిరాకీయే పోయిందంటే ఏప్రిల్ 20,000 అంచనా కూడా నిలబడుతుందో లేదో చూడాలి. అది నిలబడినా ఉత్పత్తి 15,500కు దిగుతుంది, ఓవర్‌టైం అక్కర్లేదు, మిర్చి 9,875 కిలోల బదులు 8,938 కిలోలు కొంటే చాలు. ఈ పని ఏప్రిల్ మొదటి రెండు రోజుల్లోనే అవ్వాలి, ఎందుకంటే తర్వాతి వారం మార్కెట్‌లో పాడే బస్తాల సంఖ్య దాని మీదే ఉంటుంది.